11 శాతం లోను రిపోర్టులో 8.23 ఎలా అయింది?

చీమకుర్తి, గ్రానైట్ యూనిట్:
మాది గ్రానైట్ పాలిషింగ్ చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. సొంత పెట్టుబడి 6 కోట్లు, బ్యాంకు లోను 4 కోట్లు, వడ్డీ 11 శాతం. కొత్త కటింగ్ మిషన్ కొనొచ్చా అని ఆడిటర్ గారిని రిపోర్టు అడిగాం. అందులో అప్పు ఖర్చు 8.23 శాతం, మొత్తం పెట్టుబడి మీద సగటు ఖర్చు 14.09 శాతం అని రాశారు. బ్యాంకేమో నెలనెలా 11 లెక్కనే కట్ చేసుకుంటోంది. ఈ 8.23 ఎక్కడిది?

కావలి, రొయ్యల వ్యాపారం:
అన్నా, వడ్డీ సబ్సిడీ ఏదన్నా కలిపి ఉంటారు. శాంక్షన్ లెటర్ ఒకసారి చూడు.

ఒంగోలు, ఆడిట్ ఆఫీసు:
సబ్సిడీ కాదండీ, ఇన్‌కంటాక్స్. 4 కోట్ల మీద ఏడాదికి వడ్డీ 44 లక్షలు. దాన్ని ఖర్చుగా తీసేశాకే మీ లాభం మీద పన్ను వేస్తారు. మీరు 22 శాతం పద్ధతిలో ఉంటే సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168 శాతం పడుతుంది. అంటే ఆ 44 లక్షల వల్ల పన్ను 11.07 లక్షలు తగ్గుతుంది. మీ మీద నిజంగా పడే భారం 32.93 లక్షలు, 4 కోట్ల మీద 8.23 శాతం.

వాటాదారులకు ఇచ్చే డివిడెండ్‌కు ఈ వెసులుబాటు లేదు, పన్ను కట్టాక మిగిలినదాంట్లోంచే ఇవ్వాలి. మీ రిపోర్టులో సొంత డబ్బు ఖర్చు, అంటే వాటాదారులు ఆశించే రాబడి, 18 శాతం అని పెట్టి ఉంటారు, అది 18గానే ఉంటుంది. 18లో ఆరు పదో వంతులు 10.80, 8.23లో నాలుగు పదో వంతులు 3.29. కలిపితే 14.09. పన్ను సంగతి వదిలేస్తే 15.20 వచ్చేది. ఆ తేడా మీ 10 కోట్ల మీద 11.07 లక్షలే, ఇంకేం కాదు.

నెల్లూరు, ఎంబీఏ:
అయితే అప్పు 8 కోట్లు, సొంతం 2 కోట్లు చేస్తే సగటు 10.19కి దిగుతుంది కదా మేడమ్. సొంత డబ్బు ఎందుకు పెట్టాలి?

ఒంగోలు, ఆడిట్ ఆఫీసు:
కూడిక సరే బాబూ, 11, 18 కదలవు అనుకోవడమే తప్పు. 8 కోట్ల అప్పున్న కంపెనీకి బ్యాంకు 11కే ఇస్తుందా? ఆర్డర్లు తగ్గిన ఏడాది వడ్డీ ముందు పోతుంది, ఓనరుకు మిగిలేదే ఊగిసలాడుతుంది. అప్పుడు ఆయన 18తో ఊరుకోడు. ఆర్థికవేత్తలు మోదిగ్లియాని, మిల్లర్ 1963లో పన్నును కలిపి చేసిన లెక్కలో కూడా అప్పు పెరిగేకొద్దీ సొంత డబ్బు ఖర్చు పెరుగుతుంది. చివరికి మిగిలే లాభం పన్ను తగ్గడం వల్ల వచ్చేదే.

కావలి, రొయ్యల వ్యాపారం:
మాది పార్ట్‌నర్‌షిప్. మేం పెట్టిన క్యాపిటల్ మీద వడ్డీ కూడా ఖర్చులో రాస్తున్నాం. మాకు వేరే రూలా?

ఒంగోలు, ఆడిట్ ఆఫీసు:
వేరేనండీ. డీడ్‌లో రాసుకుంటే 12 శాతం వరకు ఒప్పుకుంటారు, కానీ ఆ వడ్డీ మీద మీరు సొంతంగా పన్ను కట్టాలి. ఈ లెక్క మీకు అలాగే వాడకండి.

చీమకుర్తి, గ్రానైట్ యూనిట్:
ఇంకో డౌటు మేడమ్. రిపోర్టులో మిషన్ మీద ఏటా వచ్చే డబ్బులోంచి వడ్డీ తీసేసి, మిగిలినదాన్ని 14.09తో నేటి విలువకు డిస్కౌంట్ చేశారు. అది కరెక్టేనా?

ఒంగోలు, ఆడిట్ ఆఫీసు:
కాదు, అక్కడ వడ్డీ రెండుసార్లు పడింది. 14.09లో వడ్డీ, దాని పన్ను ఆదా రెండూ ఉన్నాయి. అందుకే డబ్బు లెక్కలో అప్పే లేనట్టు వేయాలి. మిషన్ వల్ల వడ్డీకి ముందు లాభం 60 లక్షలు అనుకోండి. పన్ను 15.10 పోగా 44.90 మిగులుతుంది. దానికి తరుగుదల కలిపి డిస్కౌంట్ చేయాలి. ఎక్సెల్‌లో వడ్డీ రేటు 11 బదులు 13 కొట్టి చూడండి. ఏటా వచ్చే డబ్బు వరుస కదిలితే షీటు తప్పే. మారాల్సింది డిస్కౌంట్ రేటు ఒక్కటే.

ఇంకోటి, పాత నష్టాలేమైనా ఉన్నాయా?

చీమకుర్తి, గ్రానైట్ యూనిట్:
పోయినేడు నష్టమే. రెండేళ్ల దాకా పన్ను రాదంటున్నారు.

ఒంగోలు, ఆడిట్ ఆఫీసు:
అయితే ఆ రెండేళ్లకు 8.23 వాడకూడదు. పన్నే లేనప్పుడు తగ్గేదేముంది? అప్పు ఖర్చు 11కు దగ్గరగానే ఉంటుంది. వడ్డీ వల్ల నష్టం పెరిగితే దాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, కాబట్టి ఆదా మొత్తం పోదు, ఆలస్యంగా వస్తుంది. బ్యాంకు వడ్డీని ఇన్‌కంటాక్స్ రిటర్న్ గడువులోపు కట్టకపోయినా ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. బాకీ వడ్డీని కొత్త లోనుగా మార్పించుకుంటే కట్టినట్టు కాదు.

నెల్లూరు, ఎంబీఏ:
అసలు 18 ఎవరు తేల్చారు? షేర్ మార్కెట్‌లో లేని కంపెనీకి ఆ అంకె ఎలా వస్తుంది?

ఒంగోలు, ఆడిట్ ఆఫీసు:
అంచనాయే. 16 పెడితే సగటు 12.89, 20 పెడితే 15.29. నేనైతే రెండూ వేసి చూస్తాను.

చీమకుర్తి, గ్రానైట్ యూనిట్:
వడ్డీ తీయకుండా మళ్లీ వేస్తే మిషన్ రాబడి 14.6 శాతం వస్తోంది. సొంత డబ్బుకు 18 పెడితే పాస్, 20 పెడితే ఫెయిల్. మా తమ్ముడేమో 20 లేకపోతే తన డబ్బు పెట్టనంటున్నాడు.

కావలి, రొయ్యల వ్యాపారం:
అయితే మీ తమ్ముడి అంకే అసలు అంకె అన్నా.

నెల్లూరు, ఎంబీఏ:
ఒక్క వాటాదారు అడిగిన రేటు కంపెనీ రేటు ఎలా అవుతుంది? నేను ఒప్పుకోను.