అప్‌డేట్: సినిమా మాయమైన కారణం తెలిసింది

నా ప్రశ్న: "సగం చూసి ఆపిన సినిమా మర్నాడు స్ట్రీమింగ్ యాప్‌లో లేదు. లైసెన్సు గడువు ముగిసిందా, కావాలని తీసేశారా?"

గడువే ముగిసింది. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

అదే పంపిణీ సంస్థ ఇచ్చిన మిగతా సినిమాలు ఉన్నాయేమో చూడమన్న సలహా దారి చూపింది. నా జాబితాలో అలాంటివి మరో మూడు ఉండేవి. అవీ అదే రోజు పోయాయి. అభ్యంతరాల వల్ల తీసేస్తే సాధారణంగా ఆ ఒక్క సినిమాయే, నెల మధ్యలోనైనా, హఠాత్తుగా పోతుంది. ఇవి నెలాఖరు అర్ధరాత్రి కలిసి వెళ్లాయి. పైగా వేరే దేశంలో ఉన్న మా అక్కకు అదే యాప్‌లో ఆ సినిమా ఇంకా వస్తోంది. హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి ఇదీ గడువు వైపే చూపింది. అయితే ఒక దేశంలోని ఆదేశం వల్ల తీసేసినా ఇలాగే కనిపిస్తుంది, అందుకని ఈ ఒక్క గుర్తునే నమ్మకండి.

చివరకు సహాయ కేంద్రం లైసెన్సు ముగిసిందని రాతపూర్వకంగా చెప్పింది. ముందురోజు తీసిన స్క్రీన్‌షాట్‌లో, పేరు కింద చిన్న అక్షరాలతో "చూడటానికి చివరి రోజు" అని ఉంది. నేనే గమనించలేదు.

యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ప్రొఫైల్ వయసు పరిమితి మార్చడం నా విషయంలో పనికిరాలేదు.