పెద్దవారు పలకరించే వరకు ఆగాలా, మనమే ముందు పలకరించాలా?

పర్లాకిమిడి నుంచి, ప్రస్తుతం డేజాన్‌లో పరిశోధక విద్యార్థి:

పెద్దలందరికీ నమస్కారం. నేను మార్చిలో దక్షిణ కొరియాకు వచ్చి ఇక్కడి ఒక విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో చేరాను. మా ఇంట్లో పెదనాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని ఉంటే మేము చెప్పులు విడిచి, ఒక పక్కగా ఒదిగి నిలబడేవాళ్ళం, ఆయన "ఏరా, ఎప్పుడొచ్చావు?" అని అడిగిన తరువాతే నోరు విప్పేవాళ్ళం. అదే మర్యాద అనుకుని ఇక్కడ కూడా ప్రొఫెసర్‌గారు, సీనియర్లు ఎదురైనప్పుడు పక్కకు తప్పుకుని, తల దించుకుని, వారు మాట్లాడే వరకు ఆగుతున్నాను. మూడు వారాలు గడిచాక నిన్న పక్క బల్ల దగ్గరి అమ్మాయి "మా మీద నీకేమైనా కోపమా?" అని అడిగింది. నాకు చాలా బాధ కలిగింది. నేను ఇచ్చిన గౌరవం వారికి కోపంగా ఎందుకు కనిపించిందో, ఇకపై ఏం చేయాలో దయచేసి చెప్పండి.

బరంపురం నుంచి, పన్నెండేళ్ళుగా సోల్‌లో:

తమ్ముడూ, మీరు చేసినదానిలో గౌరవం ఉంది కానీ ఆ గౌరవం అక్కడివారికి వినబడలేదు. మన ఇళ్ళలో చిన్నవాడి మౌనం వినయం; అక్కడ చిన్నవాడే ముందు నోరు తెరిచి పలకరించాలి, మౌనంగా నిలబడితే చూసీ చూడనట్టు వెళ్ళాడనే అనుకుంటారు. పలకరింపును వారు "ఇన్సా" అంటారు, ఎవరైనా కుర్రవాడిని మెచ్చుకోవాలంటే చదువు సంగతి కంటే ముందు ఇన్సా చక్కగా చేస్తాడని చెప్పే పెద్దవారిని నేను చాలామందిని చూశాను.

మీకు ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. మన వైపు ఒడియా బడిలో మాస్టారు గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్లలందరం లేచి "నమస్కార్ సార్" అనేవాళ్ళం కదా, ఆయన పలకరించే దాకా ఎవరమూ ఆగలేదు. అక్కడికి ఆ బడి అలవాటును తీసుకువెళ్ళండి, అరుగు దగ్గరి అలవాటును కాదు.

రేపు ఉదయం ఇలా చేయండి. ల్యాబ్ తలుపు తీయగానే నడుస్తూ గొణగకుండా ఒక్క క్షణం ఆగి, లోపల ఉన్నవారి వైపు తిరిగి, "అన్యోంగ్‌హసెయో" అని అందరికీ వినిపించేలా చెప్పి, నడుము దగ్గర నుంచి కొద్దిగా వంగండి. ముందు మాట, ఆ తరువాత వంగడం. రెండూ కలిపేస్తే మాట నేలకు చెప్పినట్టు ఉంటుంది. ప్రొఫెసర్‌గారు నడవలో ఎదురైతే మూడు నాలుగు అడుగుల దూరంలో చూపు కలిసినప్పుడు ఆగి, ఇంకాస్త ఎక్కువగా వంగండి. అదే రోజు అదే మనిషి మళ్ళీ ఎదురైతే మాట అవసరం లేదు, తల కొద్దిగా వంచితే చాలు. ప్రతిసారీ మొదటి నుంచీ చెబితే ఎదుటివారికే ఇబ్బందిగా ఉంటుంది.

కరచాలనం సంగతి మాత్రం దీనికి తలకిందులు. మాట చిన్నవాడిది ముందు, చెయ్యి పెద్దవారిది ముందు. వారు చెయ్యి చాచే వరకు మీరు చాచకండి. చాచినప్పుడు రెండు చేతులతో అందుకోండి, లేదా ఎడమ చెయ్యిని కుడి ముంజేతికి ఆనించి అందుకోండి.

గుణుపురం నుంచి, ఉల్సాన్‌లో ఓడల తయారీ పని:

అన్నగారు చెప్పింది నిజమే కానీ ఇంత ఆలోచన అక్కరలేదని నా అభిప్రాయం. ఇక్కడ కొత్తవారితో పరిచయం అవుతూనే వయసు అడుగుతారు, మనమూ అడిగి పుట్టిన సంవత్సరం తెలుసుకుంటే అయిపోతుంది. ఎవరు చిన్నవారో వారు ముందు వంగుతారు, అంతే.

సిరోంచ నుంచి, ఇంచియోన్‌లో:

పెద్దవారికి ఏ విధంగా నమస్కరించాలన్న ప్రశ్న కనుక నా అనుభవం చెబుతాను. నేను వచ్చిన కొత్తలో, మా అమ్మ ఫోన్‌లో చెప్పినట్టు, డెబ్బై ఏళ్ళు దాటిన మా ఇంటి యజమానురాలి పాదాలకు నమస్కరించబోయాను. ఆవిడ నా చేతిలోంచి ఏదో జారిపడిందనుకుని రెండడుగులు వెనక్కి వేసి, తానే వంగి నేల మీద వెతకడం మొదలుపెట్టింది. ఆ తరువాత ఎవరి పాదాలనూ తాకలేదు. అయితే చాంద్రమాన నూతన సంవత్సరం నాడు ఆవిడ మనవలు మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు దగ్గరగా వచ్చేలా వంగి నమస్కరించడం, ఆవిడ నాలుగు మంచి మాటలు చెప్పి చేతిలో డబ్బు పెట్టడం చూసి, మన పండుగ నాటి ఆశీర్వాదం గుర్తుకు వచ్చి కళ్ళు చెమర్చాయి.

బరంపురం, సోల్:

అమ్మా, మీరు చెప్పింది పండుగ నాటి నమస్కారం, దానిని "సెబే" అంటారు. తమ్ముడు అడుగుతున్నది రోజువారీ పలకరింపు గురించి.

గుణుపురం అన్నగారూ, వీధిలోనూ ఇరుగుపొరుగులోనూ మీ లెక్క పనిచేస్తుంది కానీ ల్యాబ్‌లో పనిచేయదు. అక్కడ ముందు ఎవరు చేరారన్నదే లెక్క. ముందు చేరినవారు "సొన్‌బే", తరువాత చేరినవారు "హూబే". తమ్ముడి కంటే రెండేళ్ళు చిన్నవాడైనా అక్కడ మూడేళ్ళుగా ఉన్నవాడు సొన్‌బేనే, కాబట్టి తమ్ముడే ముందు పలకరించాలి, పేరు పెట్టకుండా "సొన్‌బేనిమ్" అనాలి. మనకు ఇది వింత కాకూడదు. వయసులో మనకంటే చిన్నవాడు వరసకు బాబాయి అయితే, పెళ్ళిళ్ళలో అతనిని "బాబాయి" అనే పిలుస్తాం కానీ పేరుతో పిలవం. వయసు లెక్కలోనూ ఒక చిక్కు ఉంది. పుట్టగానే ఒక ఏడు, ప్రతి జనవరి 1న మరొక ఏడు కలిపే పాత లెక్కను 2023 జూన్‌లో చట్టపరంగా పక్కన పెట్టారు కానీ మాటల్లో పాత లెక్క ఇంకా వినబడుతుంది. అందువల్ల వయసు కాక పుట్టిన సంవత్సరమే అడగడం మంచిది.

పర్లాకిమిడి, డేజాన్:

ఈ రోజు ఉదయం తలుపు దగ్గర ఆగి మీరు చెప్పినట్టే పలకరించాను. లోపల ఉన్న ఆరుగురిలో నలుగురు తలలెత్తి బదులు చెప్పారు. మొన్న కోపమా అని అడిగిన అమ్మాయి నవ్వింది. సాయంత్రం మాత్రం పొరపాటు జరిగింది. అందరికంటే ముందు బయలుదేరుతూ, దుకాణాల్లో విన్న "సుగోహసెయో" అనే మాట ప్రొఫెసర్‌గారితో అన్నాను. ఆయన ఏమీ అనలేదు కానీ పక్కనున్న సీనియర్ ముఖం మారింది.

బరంపురం, సోల్:

కష్టపడి పనిచేయండి అన్న అర్థం ఉండటం వల్ల ఆ మాట పైవారు కిందివారితో అనేదని పాతతరం వారు భావిస్తారు. ముందుగా వెళ్ళేటప్పుడు "మొన్‌జొ కాబొగెస్సుమ్నిదా" అనండి. ముందుగా వెళ్ళి వస్తాను అన్నట్టే ఉంటుంది, మనం "వెళ్తాను" అనకుండా "వెళ్ళొస్తాను" అనడానికి దగ్గరగా ఉంటుంది.

గుణుపురం, ఉల్సాన్:

సొన్‌బే విషయం ఒప్పుకుంటున్నాను. అయితే మా యార్డులో యాభై ఏళ్ళ విభాగాధిపతి ఉదయం గేటు దగ్గర నిలబడి కుర్రవాళ్ళను తానే ముందు పలకరిస్తున్నారు. అలాంటప్పుడు మనం ఆలస్యమైనట్టా?

బరంపురం, సోల్:

మా ఆఫీసులోనూ ఒకరిద్దరు అలా చేస్తున్నారు. ఆయన మొదలుపెట్టినా మీరు ఆయనకంటే ఎక్కువగా వంగి బదులు చెప్పాలనే నేను అనుకుంటాను, కానీ మా ఆఫీసులోని కొరియా కుర్రవాళ్ళు కొందరు కూర్చున్న చోటి నుంచే తల ఊపుతున్నారు, ఎవరూ వారిని తప్పుపట్టడం లేదు.

సిరోంచ, ఇంచియోన్:

మా పిల్లవాడికి ఇక్కడి బడిలో రెండు చేతులు పొట్ట మీద పెట్టుకుని వంగడం నేర్పారు. వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు తాతగారి ముందు అలాగే వంగితే, కడుపు నొప్పేమోనని మా నాన్నగారు కంగారుపడ్డారు. వాడికి ఊళ్ళో ఒక పద్ధతి, ఇక్కడ ఒక పద్ధతి ఎలా నేర్పుతున్నారో పిల్లలున్నవారు ఎవరైనా చెప్పగలరా?