రెండు రూపాయల వడ్డీకి పీటూపీ అప్పా, ఊళ్లో నోటు అప్పా?

ఖమ్మం సెల్‌పాయింట్ (అడిగినవారు):
నాకు ఖమ్మంలో సెల్ రిపేరు షాపుంది. స్క్రీన్లు, బ్యాటరీల స్టాకుకి లక్ష కావాలి, రెండేళ్లలో తీరుస్తా. క్రెడిట్ స్కోరు 660 ఉందని బ్యాంకు ఇవ్వనంది. ఒక పీటూపీ యాప్‌లో, అంటే మనుషుల దగ్గర్నుంచి మనుషులకి అప్పు ఇప్పించే యాప్‌లో, 24 శాతానికి వస్తోంది, పైన 5 శాతం ఫీజు, దాని మీద జీఎస్టీ. ఊళ్లో మా నాన్న స్నేహితుడు ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయలకి ఇస్తానంటున్నాడు. రెండూ ఒకటే కదా? కట్టలేని రోజు వస్తే ఏది ప్రమాదం?

నరసాపురం శ్రీను:
ఒకటి కాదు బ్రదర్, లెక్క వేసి చూడు. ఊళ్లో నెలకి రెండు వేలు వడ్డీ, 24 నెలలకి 48 వేలు. యాప్‌లో లక్షకి 24 శాతమంటే ఈఎంఐ 5,287. మొత్తం కట్టేది 1,26,890, అందులో వడ్డీ 26,890. ఫీజు, జీఎస్టీ కలిపి 5,900 వేసుకున్నా 33 వేలు దాటదు. 15 వేలు మిగులుతుంటే ఇంకా ఆలోచన ఎందుకు?

లెడ్జర్ పద్మ:
శ్రీను గారూ, అంకెలు సరిగ్గానే వేశారు, పోలికే కుదరలేదు. ఊళ్లో తెచ్చిన లక్ష రెండేళ్లూ షాపులోనే తిరుగుతుంది. యాప్ అప్పులో మొదటి నెల నుంచే అసలు వెనక్కి పోతూ ఉంటుంది. రెండేళ్లకి సగటు తీస్తే బాకీ 56 వేలే. తక్కువ సొమ్ము వాడుకున్నందుకు వడ్డీ తక్కువైంది, అంతే.

నేను పన్నెండేళ్లు ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పుల మంజూరు విభాగంలో పనిచేశాను. మేం ముందు చూసేది చేతికి ఎంత వస్తోందన్నదే. ఇక్కడ ఫీజు ముందే కోసుకుంటే వచ్చేది 94,100. వడ్డీ మాత్రం లక్ష మీద. ఆ 94,100కి నెలకి 5,287 చొప్పున 24 నెలలు కడితే ఏడాదికి సుమారు 30.5 శాతం పడుతుంది, అంటే మన లెక్కలో రెండున్నర రూపాయల పైమాటే. ఎక్సెల్‌లో ఇలా కొట్టి చూసుకోండి:

```
=RATE(24,-5287,94100)*12
```

త్వరగా తీర్చేద్దామని ఆరు నెలల గడువు పెట్టుకుంటే ఇంకా నష్టం. ఫీజు అదే 5,900, వాడుకునేది ఆరు నెలలే. రేటు దాదాపు 46 శాతానికి పోతుంది. పీటూపీ సంస్థలు రేటును ఏడాది రేటుగానే చూపాలని 2017 నాటి ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది. చూపిన 24లో ఫీజు కలిసిందో లేదో వాళ్లని సూటిగా అడగండి.

కూకట్‌పల్లి రమణ:
తమ్ముడూ, ఆ యాప్‌ల జోలికే పోకు. 2020 డిసెంబర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల మీద ఎన్ని కేసులు పెట్టారో గుర్తు లేదా? ఫోన్లో నంబర్లన్నీ లాగేసి చుట్టాలందరికీ మెసేజ్‌లు పెట్టారు. ప్రాణాలు పోయాయి.

లెడ్జర్ పద్మ:
రమణ గారూ, మీ భయం న్యాయమైనదే, కానీ ఆయన అడిగింది వాటి గురించి కాదు. పీటూపీ సంస్థ సొంత డబ్బు ఇవ్వకూడదు. మధ్యవర్తి మాత్రమే. పోల్చుకోవడానికి అగ్రిమెంటు తెరవండి. అప్పిచ్చినవాళ్ల చోట లక్షకి కనీసం ఇద్దరు ఉండాలి, ఎందుకంటే ఒక్క మనిషి ఒక్కరికి 50 వేలకి మించి ఇవ్వకూడదు. డబ్బు ఎస్క్రో ఖాతా నుంచి, అంటే సంస్థ సొంతానికి వాడుకోలేని విడి ఖాతా నుంచి రావాలి. సంస్థ పేరు ఆర్‌బీఐ సైటులో ఎన్‌బీఎఫ్‌సీ-పీటూపీ జాబితాలో ఉండాలి. అప్పిచ్చే చోట ఒకే కంపెనీ పేరుంటే అది పీటూపీ కాదు.

ఓరుగల్లు బాబు:
నా సంగతి చెప్తా అన్నా. పీటూపీల 80 వేలు తీసుకున్న. తొమ్మిది ఈఎంఐలు కట్టినంక ఉద్యోగం పోయింది. మూడు నెలలు ఆటో డెబిట్ బౌన్స్ అయింది, బౌన్స్ అయినప్పుడల్లా బ్యాంకోళ్లు ఒక చార్జీ, ప్లాట్‌ఫామోళ్లు ఇంకో చార్జీ. ఫోన్ చేసి ఆర్నెల్లు గడువియ్యమని అడిగిన. "డబ్బు మాది కాదు సార్, అప్పిచ్చినోళ్లు ఒప్పుకోవాలె" అన్నరు. నా అప్పుల 27 మంది ఉన్నరు, ఒక్కొక్కలది మూడు వేలు. ఎవరిని బతిమాలాలె నేను? బ్యాంకైతే మేనేజర్ దగ్గరికి పోయి కూసునేటోణ్ని.

ఆఖరికి కొంత తగ్గించి సెటిల్ చేసుకున్న. బాకీ పోయిందనుకున్న. కానీ క్రెడిట్ రిపోర్టుల "సెటిల్డ్" అని పడ్డది. మొన్న బండి లోనుకు పోతే అది చూసే కాదన్నరు. పూర్తిగ కట్టి ముగిస్తే "క్లోజ్డ్" అని పడుతదని నాకు ముందు ఎవరూ చెప్పలే.

గుంటూరు గుమాస్తా:
చాలా బాధగా ఉంది బాబూ. అయినా ఎవరూ అరెస్టులకి భయపడొద్దు. అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, జైలు ఉండదు. పీటూపీలో తాకట్టు పెట్టించుకోకూడదు కాబట్టి ఇల్లు, బంగారం జోలికి నేరుగా రాలేరు.

లెడ్జర్ పద్మ:
సగం ఒప్పుకుంటాను గుమాస్తా గారూ. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు వేయొచ్చు. చెక్ బౌన్స్ లాంటిదే, రెండేళ్ల దాకా జైలు లేదా రెట్టింపు జరిమానా రాసుంది. ముందు నోటీసు ఇస్తారు, అది అందాక కట్టడానికి 15 రోజులుంటుంది. గొడవని కోర్టు బదులు ఒక మధ్యవర్తి తేల్చాలనే ఆర్బిట్రేషన్ క్లాజు అగ్రిమెంటులో ఉంటే ఆ నోటీసు కూడా రావచ్చు. జవాబివ్వకపోతే మీరు లేకుండానే తీర్పు ఇచ్చేస్తారు, కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు. కవరు విప్పకుండా బీరువాలో పడేసినవాళ్లని చాలామందిని చూశాను.

గుంటూరు గుమాస్తా:
80 వేల బాకీకి 25వ సెక్షన్ దాకా ఎవరు పోతారమ్మా? ఖర్చే ఎక్కువ.

లెడ్జర్ పద్మ:
ఒక్కరి మీదైతే పోరేమో. వందమందికి ఒకే నోటీసు ముద్రించి పంపడానికి ఖర్చెంత?

గుంటూరు గుమాస్తా:
సరే, అక్కడ మన అభిప్రాయాలు వేరు. ఊరి నోటు సంగతి చెప్తాను, రోజూ మా ఆఫీసులో చూసేదే. అసల్లో ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించుకో బాబూ, తేదీ వేసి. చెల్లు లేకపోతే కట్టావని రుజువు చేయడం కష్టం. చెల్లు రాస్తే మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది, అది ఆయనకీ లాభమే కాబట్టి కాదనడు. నోటుతో పాటు ఖాళీ చెక్కు అడిగితే మాత్రం ఇవ్వకు. ఇచ్చావా, తాకట్టు లేని చేబదులు కాస్తా 138 సెక్షన్ చెక్ బౌన్స్ కేసుగా మారుతుంది.

నరసాపురం శ్రీను:
పద్మ గారూ, రేటు విషయం ఒప్పుకున్నాను. కానీ ఊరి అప్పులో అసలు ఒకేసారి లక్ష ఇవ్వాలి. చిన్న షాపువాడు అంత పోగేయగలడా? ఈఎంఐ అయితే తెలియకుండానే తీరిపోతుంది.

లెడ్జర్ పద్మ:
అది మంచి ప్రశ్న. నెలనెలా అసల్లో కొంత తీసుకుని మిగిలిన దాని మీదే రెండు రూపాయలు లెక్కేస్తారా అని ఆ పెద్దాయన్నే అడగాలి. ఒప్పుకుంటే అదే 5,287 ఈఎంఐ, ఫీజు లేదు, చేతికి పూర్తి లక్ష.

ఖమ్మం సెల్‌పాయింట్:
అందరికీ దండాలు. ఇందాకే ఆయనతో మాట్లాడాను. నెలనెలా చిల్లర తీసుకుని చెల్లు రాస్తూ కూర్చోలేనన్నాడు. ఆరు నెలలకోసారి 25 వేలైతే తీసుకుంటాడట, వడ్డీ అప్పటికున్న బాకీ మీదే. చెక్కు అడగలేదు, మా నాన్న సాక్షి సంతకం మాత్రం కావాలన్నాడు. నాన్నతో ఇంకా మాట్లాడలేదు. నేను కట్టలేకపోతే వాళ్లిద్దరి నలభై ఏళ్ల స్నేహం ఏమవుతుందో అని భయంగా ఉంది. యాప్‌లో ఆ 27 మంది ఎవరో నాకు తెలియదు కదా.