2001 జనగణనలో చూపు లోపం అంకెను 2011తో పోల్చదగినట్టు సవరించడం ఎలా?

వికలాంగుల సంఖ్యపై ఒక చార్టు తయారు చేస్తూ చూపు లోపం వరుస దగ్గర ఆగిపోయాను. 2001 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు సుమారు 1.06 కోట్లు. 2002 జాతీయ నమూనా సర్వేలో వారు 28 లక్షలే. 2011 జనగణనలో సుమారు 50 లక్షలు.

మొదట జనాభా పెరుగుదలను లెక్కలోకి తెచ్చి చూశాను. కానీ ఒక్క ఏడాదిలో ఇంత తగ్గుదలకు అది కారణం కాజాలదు. తర్వాత గణకులకు ఇచ్చిన నిర్వచనాలు చదివితే అసలు సంగతి తెలిసింది. 2001లో ఒక కన్ను మాత్రమే బాగా కనిపించేవారినీ లెక్కించారు. చూపు మసకగా ఉండి, కళ్లద్దాలతో మెరుగవుతుందో లేదో ఎన్నడూ పరీక్షించుకోనివారినీ చేర్చారు. నా అనుమానమంతా వీరిమీదే. నమూనా సర్వే మాత్రం అద్దాలుంటే పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి, పగటి వెలుగులో మూడు మీటర్ల దూరంలోని వేళ్లు లెక్కపెట్టగలరా అని అడిగింది. 2011లో ఒంటికన్ను వారిని వదిలేశారు.

వినికిడిలో కథ తిరగబడింది: 2001లో యంత్రంతో వినగలిగేవారిని వదిలేసి, 2011లో చేర్చారు. అంకె 12.6 లక్షల నుంచి 50 లక్షలు దాటింది! అందుకే మొత్తం వికలాంగుల సంఖ్యలు దగ్గరగా ఉన్నా నమ్మబుద్ధి కావడం లేదు.

2001 పట్టికల్లో వెతికాను. చూపు లోపమంతా ఒకే వరుసలో ఉంది, లోపలి విభజన లేదు. ఆ 1.06 కోట్లలో ఒంటికన్ను వారిని, అద్దాలు పరీక్షించుకోనివారిని విడదీసి చూపే పట్టిక ఏదైనా ఉందా?