అప్‌డేట్: డిజైన్ రిటైనర్ ఆపేశాను

"నెలకు 12 సోషల్ మీడియా పోస్టులని ఒప్పుకున్న రిటైనర్‌లోకి రీల్స్, స్వీట్ బాక్సులు, ఫ్లెక్సీలు కూడా వచ్చి చేరాయి. గొడవ లేకుండా ఎలా బయటపడాలి?"

అని ఇంతకుముందు అడిగాను కదా, బయటపడ్డాను. ముందు ఒప్పందంలోని పనుల పక్కన, గత మూడు నెలల్లో నిజంగా పంపిన ఫైళ్ల జాబితా పెట్టి మెయిల్ చేశాను. ఫీజు పెంచండి, లేదా 12 పోస్టులకే ఉందాం అన్నాను. స్వీట్ షాపు ఓనర్ గారు ఫోన్ చేసి, "అదేంటమ్మా, బాక్సు మీద చిన్న మార్పేగా" అన్నారు. ఆ చిన్న మార్పంటే అరకిలో బాక్సుకు కత్తిరింపు, మడతల గీతలతో కొత్త డైలైన్, మళ్లీ ప్రింట్ ఫైల్! ఇక ఒప్పందం ప్రకారం 30 రోజుల నోటీసు మెయిల్‌లోనే ఇచ్చేశాను. వాట్సాప్‌లో చెబితే మాటల్లో కొట్టుకుపోతుంది.

నోటీసు నెలలో అదనంగా అడిగిన ప్రతిదానికీ ముందు కొటేషన్ పంపాను. అడగడం దానంతటదే తగ్గింది.

అసలు టెన్షన్ ఓపెన్ ఫైళ్ల దగ్గర, అంటే డిజైన్ మార్చుకోవడానికి వీలుండే ఫైళ్ల దగ్గర వచ్చింది. ఒప్పందంలో పీడీఎఫ్, జేపీజీలే ఉన్నాయి, ఓపెన్ ఫైళ్ల ఊసే లేదు. అయినా బాక్సుల ఓపెన్ ఫైళ్లు లేకపోతే కొత్త డిజైనర్ మొత్తం మళ్లీ గీయాలి. అందుకే చివరి బిల్లు అందాక ఇస్తానన్నాను. ఫాంట్ల లైసెన్స్ నా పేరు మీద ఉంది కాబట్టి వాటి పేర్లు మాత్రమే రాసిచ్చాను. టీడీఎస్ పోను డబ్బు వచ్చింది, ఫోల్డర్ లింక్ పంపేశాను.