ఆర్జినిన్ పెరగాలంటే ఆర్జినిన్ కాకుండా సిట్రులిన్ తాగాలా? ఇదేం లెక్క?

బార్‌బెల్_బాబు:
రక్తనాళాలు విప్పి కండలకి పంప్ ఇచ్చే నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది ఆర్జినిన్ నుంచి అంటారు, మరి నేరుగా అదే తాగకుండా సిట్రులిన్ తాగమంటారేంటి? పైగా సిట్రులిన్ అనేది నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యాక మిగిలే చెత్త అని ఎక్కడో చదివా. రెండు వారాలుగా ఒకేసారి 10 గ్రాముల ఆర్జినిన్ తాగుతున్నా, పంప్ సంగతి దేవుడెరుగు, వార్మప్ కూడా అవ్వకముందే బాత్రూమ్‌కి పరుగు. మార్చాలా వద్దా?

రెండోసెట్:
బ్రో ఆర్జినిన్ శుద్ధ దండగ. మొత్తం లివరే మింగేస్తుంది, రక్తంలోకి ఒక్క చుక్క పోదు. సిట్రులిన్ అయితే నేరుగా రక్తనాళంలోకి వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్ అయిపోతుంది. ఇంకేం ఆలోచించకు, మార్చేయ్.

ల్యాబ్‌కోట్:
రెండోసెట్ చెప్పింది సగం కరెక్టే, కానీ ఆ రెండో సగం దగ్గరే అసలు విషయం ఉంది.

ముందు ఆర్జినిన్ సంగతి. దాన్ని ఎక్కువగా తినేది లివర్ కాదు, దానికంటే ముందు వచ్చే పేగు గోడ. పేగు కణాల్లో ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ఆర్జినిన్‌ని విరగ్గొట్టి యూరియా, ఆర్నిథిన్ చేసేస్తుంది. లోపలికి వచ్చినదాంట్లో దాదాపు 40 శాతం అక్కడే ఖర్చయిపోతుంది, పేగులో ఉండే బ్యాక్టీరియా వాటా వేరే. లివర్‌లో ఆర్జినేజ్ ఇంకా బోలెడుంది గానీ లివర్ కణాలు బయటి నుంచి ఆర్జినిన్‌ని అంత జోరుగా లాక్కోవు, కాబట్టి అది తీసుకునేది పేగు కంటే తక్కువే. అలాగని ఒక్క చుక్క పోదనడం తప్పు. 6 గ్రాములు నోటితో ఇచ్చి, సిరలోకి ఎక్కించినదానితో పోల్చిన ఒక స్టడీలో మూడింట రెండొంతులు రక్తానికి చేరింది. 10 గ్రాములతో చేసిన ఇంకోదాంట్లో ఐదో వంతే చేరింది. చూశారా తేడా? ఆర్జినిన్‌తో వచ్చిన చిక్కు అదే, అసలు పనిచేయదని కాదు, ఎంత చేరుతుందో ముందే చెప్పలేం. డోసు పెంచితే చేరేది కూడా అదే లెక్కన పెరుగుతుందన్న భరోసా లేదు.

ఇక సిట్రులిన్. దీన్ని ఆర్జినేజ్ ముట్టుకోదు, ఎందుకంటే ఆ ఎంజైమ్ కోసే ముక్క దీంట్లో ఆ రూపంలో లేదు. లివర్ తన లోపల సిట్రులిన్‌ని తానే తయారుచేసుకుని వాడుకుంటుంది గానీ రక్తంలో పోయేదాన్ని పట్టించుకోదు. అలా పేగూ లివరూ దాటేసి ఒంట్లో తిరుగుతూ కిడ్నీకి చేరుతుంది. అక్కడ రెండు స్టెప్పులు: మొదటి ఎంజైమ్ దానికి ఆస్పార్టేట్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని తగిలిస్తుంది, రెండోది ఆ జతని విడగొట్టేసరికి ఆర్జినిన్ బయటపడుతుంది. కిడ్నీ దాన్ని తిన్నగా మెయిన్ రక్తప్రవాహంలోకి వదులుతుంది, అంటే కొత్తగా పుట్టిన ఆర్జినిన్ పేగు టోల్‌గేట్ దగ్గర ఆగాల్సిన పనే లేదు. బైపాస్ రోడ్డు అన్నమాట.

ఇది సప్లిమెంట్ వాళ్లు కనిపెట్టిన ట్రిక్ కాదు, ఒంట్లో ఎప్పుడూ జరిగేదే. పేగు గ్లూటమిన్ నుంచి సిట్రులిన్ తయారుచేసి వదులుతుంది, అందులో దాదాపు 80 శాతం కిడ్నీ తీసుకుని ఆర్జినిన్ చేస్తుంది. మనం పౌడర్ తాగితే ఆ లైన్లో సరుకు పెరుగుతుంది అంతే.

చెత్త అన్నారు కదా బాబు, అదీ పూర్తిగా నిజం కాదు. రక్తనాళం లోపలి పొరలో ఆర్జినిన్‌ని నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చే ఎంజైమ్ పనిచేసినప్పుడు సిట్రులిన్ మిగులుతుంది, నిజమే, కానీ ఆ కణం దాన్ని పారేయదు, కిడ్నీ వాడే అవే రెండు ఎంజైములతో మళ్లీ ఆర్జినిన్ చేసుకుంటుంది. రెండోసెట్ అన్నట్టు సిట్రులిన్ నేరుగా నైట్రిక్ ఆక్సైడ్ అవ్వదు. ఆర్జినిన్ అయ్యాకే.

రెండోసెట్:
సరే అన్నా, ఒక్క చుక్క అన్నది కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటా 😅 కానీ కంక్లూజన్ అదే కదా.

సుధా_రన్నర్:
నేను బీట్‌రూట్ జ్యూస్ తాగుతా రన్‌కి ముందు, అందులో కూడా సిట్రులిన్ ఉంటుందా? అందుకేనా పనిచేస్తుంది?

ల్యాబ్‌కోట్:
సుధ గారూ అది వేరే దారండి. బీట్‌రూట్‌లో పనిచేసేది నైట్రేట్. దాన్ని నోట్లో నాలుక మీదుండే బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఆ తర్వాత ఒంట్లో అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, ఆర్జినిన్ గొడవే లేదు. అందుకే బ్యాక్టీరియాని చంపే మౌత్‌వాష్ వాడితే ఆ ఎఫెక్ట్ తగ్గుతుంది. సిట్రులిన్‌కి పేరున్నది పుచ్చకాయలో, అసలు ఆ పేరు కూడా పుచ్చకాయ శాస్త్రీయ నామం నుంచి వచ్చిందే.

ఒప్పుకోను_శ్రీను:
అందరూ రక్తంలో ఆర్జినిన్ పెరిగితే నైట్రిక్ ఆక్సైడ్ పెరిగినట్టే మాట్లాడుతున్నారు, అక్కడే నాకు మింగుడుపడట్లేదు. నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఆ ఎంజైమ్ సగం స్పీడుకి చేరడానికి కావాల్సిన ఆర్జినిన్ లీటరుకి దాదాపు 3 మైక్రోమోల్స్. రక్తంలో మామూలుగానే 80, 100 దాకా ఉంటుంది, కణం లోపల ఇంకా ఎక్కువ. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే ఏమొస్తుంది? పొర్లిపోతుంది. సిట్రులిన్ బాగా పెంచుతుందా ఆర్జినిన్ బాగా పెంచుతుందా అన్నది రెండో ప్రశ్న, పెంచితే లాభమేంటన్నది మొదటిది.

ల్యాబ్‌కోట్:
శ్రీను గారు పట్టుకున్నది మంచి పాయింటు. దీనికి ఆర్జినిన్ పారడాక్స్ అని పేరే ఉంది. బిందె నిండే ఉన్నా పోస్తే కొంతమందిలో ఎఫెక్ట్ కనిపిస్తుంది, ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

నాకు నచ్చిన వివరణ ఏంటంటే, ఒంట్లో ఏడీఎమ్ఏ అని ఆర్జినిన్ లాగే కనిపించే పదార్థం ఒకటి తిరుగుతూ ఉంటుంది, అది ఎంజైమ్‌లో ఆర్జినిన్ సీట్లో కూర్చుని పని ఆపేస్తుంది. అది ఎక్కువున్నవాళ్లలో బిందె నిండుగా కనిపించినా ఎంజైమ్‌కి మాత్రం కొరతే, అప్పుడు ఆర్జినిన్ పెంచితే సీటు మళ్లీ దొరుకుతుంది. దానికితోడు కణంలో ఉన్న ఆర్జినిన్ అంతా ఆ ఎంజైమ్ చేతికి అందదు, పక్కనున్న ఆర్జినేజ్ కూడా లాక్కుంటుంది.

2008లో వచ్చిన ఒక స్టడీ చూస్తే ఇద్దరి వాదనా కనిపిస్తుంది. 20 మంది ఆరోగ్యవంతులకి వారం రోజుల చొప్పున రకరకాల డోసులు ఇచ్చారు. సిట్రులిన్ 3 గ్రాములు రోజుకి రెండుసార్లు ఇచ్చినప్పుడు రక్తంలో ఆర్జినిన్ బాగా పెరిగింది, తర్వాతి డోసుకి ముందు తీసిన శాంపిల్‌లో కూడా ఎక్కువే ఉంది. ఆర్జినిన్ డోసుల కంటే ఇది స్పష్టంగా మెరుగు. యూరిన్‌లో నైట్రేట్, ఇంకా నైట్రిక్ ఆక్సైడ్ సిగ్నల్ అందుకున్నాక కణం తయారుచేసే సైక్లిక్ జీఎంపీ, రెండూ పెరిగాయి. కానీ చేతికి పట్టీ బిగించి వదిలాక ధమని ఎంత వెడల్పవుతుందో కొలిస్తే ఏ డోసుకీ పెద్ద తేడా రాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తనాళం ముందే బాగా పనిచేస్తోంది కాబట్టి అని నేననుకుంటా.

ఒప్పుకోను_శ్రీను:
చూశారా, చివరికి నా బిందె దగ్గరికే వచ్చారు.

ల్యాబ్‌కోట్:
ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల విషయంలో, అవును, చాలావరకు. అందరి బిందే నిండి ఉందని మాత్రం నేను ఒప్పుకోను.

పాతగుండె:
నమస్తే అండీ. నా వయసు 63, నిరుడు గుండెపోటు వచ్చింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా ఇచ్చారు. రక్తనాళాలు విప్పుతుందంటున్నారు కదా, రోజూ ఒక 3 గ్రాముల ఆర్జినిన్ గానీ సిట్రులిన్ గానీ మొదలుపెడితే మంచిదేనా?

ల్యాబ్‌కోట్:
అండీ దయచేసి మీ అంతట మీరు మొదలుపెట్టకండి. గుండెపోటు వచ్చినవాళ్ల మీద ఆర్జినిన్‌తో ఒక ట్రయల్ జరిగింది, 2006లో ఫలితాలు వచ్చాయి. 153 మంది, సగం మందికి రోజుకి మూడుసార్లు 3 గ్రాముల చొప్పున టార్గెట్. ఆర్జినిన్ తీసుకున్నవాళ్లలో ఆరుగురు చనిపోయారు, ఆర్జినిన్ లేని ఉత్తి పౌడర్ తీసుకున్నవాళ్లలో ఒక్కరూ లేరు, దాంతో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. గుండెకి గానీ ధమనులకి గానీ లాభం కనిపించలేదు. చిన్న సంఖ్యలే, అది ఆర్జినిన్ వల్లేనని ఖాయంగా చెప్పలేం, కానీ ఆ రిస్క్ మీరెందుకు తీసుకోవాలి. సిట్రులిన్ చివరికి ఆర్జినినే అవుతుంది కాబట్టి అది సేఫ్ అని నేను అనలేను. ఇక ఆ నాలుక కింది మాత్ర కూడా నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే పనిచేసేది, రెండూ కలిస్తే బీపీ మరీ పడిపోవచ్చు. డాక్టర్ గారికి చూపించకుండా ఒక్క స్కూప్ కూడా వద్దు.

పాతగుండె:
మంచిది బాబూ. డబ్బా పక్కన పెట్టేస్తున్నా. మా అబ్బాయి తెచ్చాడు, వాడికీ ఇది చదివి వినిపిస్తా.

బార్‌బెల్_బాబు:
అమ్మో. నాకు అలాంటి ప్రాబ్లమ్స్ ఏం లేవు, బీపీ మాత్రలు కూడా లేవు. మరి నా బాత్రూమ్ పరుగు సంగతేంటి? సిట్రులిన్ మాలేట్ 8 గ్రాముల స్కూప్ అని ఒక డబ్బా చూశా, అంటే 8 గ్రాముల సిట్రులినేనా?

ల్యాబ్‌కోట్:
కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మాలేట్ అంటే సిట్రులిన్‌తో కలిపిన మాలిక్ ఆసిడ్, దాని బరువు కూడా ఆ 8లోనే ఉంది. డబ్బా మీద రెండుకి ఒకటి అని ఉండి అది బరువు లెక్కైతే సిట్రులిన్ 5.3 గ్రాములు, ఒకటికి ఒకటైతే 4. పైగా కొన్ని డబ్బాలని టెస్ట్ చేస్తే లేబుల్ మీదున్న నిష్పత్తి లోపల లేదని తేలింది. ఉత్త సిట్రులిన్ అని రాసినది తీసుకుంటే ఈ కూడికలు తీసివేతలు ఉండవు.

పరుగు ఎందుకంటే, ఒకేసారి అంత ఆర్జినిన్ వేస్తే పేగు మొత్తం పీల్చుకోలేదు, మిగిలింది నీళ్లని లోపలికి లాగుతుంది. దాదాపు 9, 10 గ్రాములు ఒక్క డోసులో దాటితే చాలామందికి ఇదే గోల. సిట్రులిన్ అయితే ఎనిమిది మంది ఆరోగ్యవంతులకి ఒక్కసారే 15 గ్రాముల దాకా ఇచ్చినా కడుపు ఇబ్బంది కనిపించలేదు. అయితే అంత డోసులో ఆర్జినిన్ అదే లెక్కన పెరగలేదు, మార్చే దగ్గర కూడా ఒక హద్దుందన్నమాట. కాబట్టి 15 తాగాల్సిన పనిలేదు, 6 దగ్గర ఆగు. ఇంకోటి, ఇది కిడ్నీలో మారి రావాలి కాబట్టి ఆర్జినిన్ అంత తొందరగా పీక్‌కి రాదు, సెట్టు మొదలుపెట్టే ముందు కాకుండా గంట ముందు తాగు.

సుధా_రన్నర్:
మరి కిడ్నీ సరిగ్గా పనిచేయనివాళ్లకి? ఆ బైపాస్ రోడ్డు మూసేసినట్టే కదా?

ల్యాబ్‌కోట్:
చాలావరకు అంతేనండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల రక్తంలో సిట్రులిన్ పేరుకుంటుంది, మారడం తగ్గుతుంది. వాళ్లకి ఈ థ్రెడ్‌లో చెప్పిన లెక్కలేవీ పనికిరావు.

రెండోసెట్:
బాబు, మారిస్తే పంప్ ఎలా ఉందో వచ్చి చెప్పు. నాకైతే అదిరింది.

ఒప్పుకోను_శ్రీను:
నీకు అదిరింది సరే, అది సిట్రులిన్‌దా లేక అదే స్కూప్‌లో ఉన్న 300 మిల్లీగ్రాముల కెఫీన్‌దా?

రెండోసెట్:
...లేబుల్ చూసి చెప్తా.

బార్‌బెల్_బాబు:
నేను కెఫీన్ లేనిది, ఉత్త సిట్రులిన్ ఆర్డర్ పెట్టా, 6 గ్రాములు, గంట ముందు. పంప్ వచ్చినా రాకపోయినా వార్మప్ పూర్తయితే అదే పదివేలు.