వారం రిపోర్టులో నో-షో 30 శాతం, అడ్వాన్స్ పెట్టాలా వద్దా?

నరసాపురం_ఓపీ: నరసాపురంలో చిన్న క్లినిక్ నేనే చూసుకుంటున్నాను. ఇద్దరు డాక్టర్లు, రిసెప్షన్‌లో ఒక్క అమ్మాయి. ప్రతి సోమవారం నో-షో రిపోర్టు వస్తుంది. పోయిన వారం 140 అపాయింట్‌మెంట్లలో 42 మంది రాలేదు, అంటే 30 శాతం. బుకింగ్ అప్పుడే 200 అడ్వాన్స్ కట్టించుకుందాం అని పెద్ద డాక్టరు గారు అంటున్నారు. ఈ రిపోర్టు చూసి అంత పని చేయొచ్చా?

తణుకు_బాబు: చేయాల్సిందే. మా నాన్నగారి క్లినిక్‌లో ఇదే గోల. ఫోన్ చేసి పేరు రాయించుకుంటారు, రారు, మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తరు. ఊరికే ఇచ్చేదానికి విలువ ఉండదండీ. 200 కట్టినవాడు వర్షమొచ్చినా వస్తాడు.

గోదారి_లెక్కలు: ముందు ఆ 42 మంది ఎవరో చూడండి. భీమవరంలో చాలాకాలం ఓపీ రికార్డులు చూశాను కాబట్టి అడుగుతున్నాను. సాఫ్ట్‌వేర్‌లో 'రాలేదు' అన్న ఒకే గడిలోకి నాలుగు రకాల వాళ్ళు పడతారు: ముందే ఫోన్ చేసి మానేసినవాళ్ళు, డాక్టరు లేక మీరే వెనక్కి పంపినవాళ్ళు, ఆలస్యంగా వచ్చి చూపించుకుని వెళ్ళినవాళ్ళు, నిజంగా చెప్పాపెట్టకుండా మానేసినవాళ్ళు. రిజిస్టరు, డాక్టరు గారి సెలవులు, ఆ అమ్మాయి కాల్ పుస్తకం మూడూ పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూడండి. 42 పేర్లే కదా, ఒక పూట పని.

లంక_రైతు: మాది లంక గ్రామం. పది గంటలకి అపాయింట్‌మెంట్ అంటారు, డాక్టరు గారు పదకొండున్నరకి వస్తారు. రేవు దాటి వచ్చినవాడు ఎంతసేపు కూర్చుంటాడండీ? ముందు డాక్టర్లు టైముకి వస్తే అన్నీ సర్దుకుంటాయి.

తణుకు_బాబు: అడిగింది డాక్టర్ల సంగతి కాదు, పేషెంట్ల సంగతి.

నరసాపురం_ఓపీ: గోదారి గారూ, కూర్చుని సరిచూశాను. 9 మంది ముందురోజు సాయంత్రంలోపే ఫోన్ చేసి రామని చెప్పారు, కాల్ పుస్తకంలో ఉంది. 14 మంది గురువారం సాయంత్రం వాళ్ళు, ఆ పూట షుగర్ డాక్టరు గారు రాలేదు, మేమే వద్దన్నాం. ఇంకో 5 మంది సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చేవాళ్ళు. పంటు ఆలస్యమై వాళ్ళు వచ్చేసరికే స్లాటు దాటి అరగంట అయిపోయింది, సిస్టమ్ దానంతటదే రాలేదని వేసేసింది. మా అమ్మాయి వాళ్ళకి కొత్త టోకెన్ ఇచ్చి చూపించి పంపింది. మిగిలింది 14 మంది.

గోదారి_లెక్కలు: అయితే నిజంగా రానివాళ్ళు 14. దేనితో భాగించాలన్నదే అసలు సంగతి. ముందే చెప్పిన 9 మందినీ, మీరే వద్దన్న 14 మందినీ మొత్తంలోంచి తీసేయాలి, ఎందుకంటే వాళ్ళు ఆ టైముకి రావాల్సినవాళ్ళే కారు. 140లోంచి 23 పోతే 117. పంటు మీద వచ్చిన 5 మంది ఆ 117లో ఉంటారు, వచ్చినవాళ్ళ కిందే. వాళ్ళ కొత్త టోకెన్లు మీ వాక్-ఇన్ లెక్కలో కూడా పడి ఉంటాయి, అక్కడ తీసేయండి, లేకపోతే ఒకే మనిషి ఒకచోట రానివాడు, ఇంకోచోట కొత్తవాడు అవుతాడు. 117కి 14 అంటే 12 శాతం. ఎక్సెల్‌లో అయితే B మొత్తం బుకింగ్, C ముందే మానుకున్నవి, D క్లినిక్ రద్దు చేసినవి, E రానివాళ్ళు:

```
=E2/(B2-C2-D2)
```

తణుకు_బాబు: బాగుందండీ, లెక్క మారిస్తే రోగం తగ్గిపోయిందన్నమాట. ఆ 9 మంది ఫోన్ చేసినా చేయకపోయినా డాక్టరు ముందు కుర్చీ ఖాళీయే కదా. కరెంటు బిల్లు ఆగుతుందా, నర్సు జీతం ఆగుతుందా?

గోదారి_లెక్కలు: కుర్చీ ఖాళీ అన్నది నిజమే, కాదనను. కానీ అది వేరే ప్రశ్న, దానికి వేరే గడి పెట్టాలి. 'ఖాళీగా పోయిన స్లాట్లు' అని రాసుకుంటే ముందురోజే తెలిసిన తొమ్మిదింటిలో ఎన్నింటికి వాక్-ఇన్‌ని కూర్చోబెట్టగలిగారో తెలుస్తుంది. అందులో మీరు రద్దు చేసిన 14 కూడా పడతాయి, అవి పేషెంట్ల తప్పు కాదు. రెండూ కలిపి 30 అని రాస్తే చదివినవాళ్ళకి కోపం పేషెంటు మీదకే పోతుంది.

పాలకొల్లు77: ఫోన్ చేసి మానేసినవాళ్ళ మీద కూడా నో-షో వేస్తే రేపటి నుంచి ఫోన్ చేయడం మానేస్తారు. అంతే.

రాజోలు_అమ్మాయి: నేను ఒక పెద్ద ఆసుపత్రిలో ఫ్రంట్ ఆఫీసులో చేశాను, పేరు చెప్పను. నో-షో పది దాటితే మా ఇన్సెంటివ్ కోసేవారు. దాంతో ఏం జరిగేదంటే, పక్క కౌంటర్‌లో సాయంత్రం ఆరింటికి రానివాళ్ళందరినీ 'పేషెంట్ రద్దు చేశారు' అని మార్చేసేవారు. రేటు ఏడుకి వచ్చేది, మేనేజరు గారు మెచ్చుకునేవారు. మార్చని నాకు మాత్రం జీతం కోత. ఆ రిపోర్టు అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నరసాపురం గారూ, ఆ అమ్మాయి జీతంతో దీన్ని ముడిపెట్టకండి.

గోదారి_లెక్కలు: దీన్ని పట్టుకోవచ్చు. రద్దు ఎంట్రీ ఏ టైముకి పడిందో సిస్టమ్‌లో ఉంటుంది. పదింటి స్లాటుకి రద్దు సాయంత్రం ఆరింటికి పడితే అది రద్దు కాదు, నో-షోనే. ముందురోజు సాయంత్రం ఆరు గంటలు గీతగా పెట్టుకోండి, ఆ తర్వాత ఫోన్ చేసినా నో-షో కిందే వేయండి, ఎవరి కోసమూ ఆ గీత జరపకండి.

పాలకొల్లు77: పొద్దున్నే జ్వరమొచ్చి ఏడింటికి ఫోన్ చేసినవాళ్ళు కూడా నో-షోనా? నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

తణుకు_బాబు: మీరందరూ పేషెంట్ల తరఫున మాట్లాడుతున్నారు. మా నాన్నగారు నలభై ఏళ్ళు అదే ఊళ్ళో చూశారు, చేతిలో డబ్బుల్లేని వాళ్ళ దగ్గర ఫీజు అడగలేదు. ఇప్పుడు అదే ఇళ్ళవాళ్ళు పేరు రాయించుకుని భీమవరం పోయి చూపించుకుంటున్నారు. ఆయన ఖాళీగా కూర్చుని తలుపు వైపు చూస్తుంటే నాకెలా ఉంటుందో మీ ఎక్సెల్‌కి తెలుస్తుందా?

గోదారి_లెక్కలు: బాబు గారూ, నాన్నగారి బాధ నాకు అర్థమైంది. కానీ అది మీ క్లినిక్ సంగతి. ఇక్కడ రిపోర్టు ఎవరిని శిక్షించాలో చెప్పడానికి కాదు, ఎక్కడ జారిపోతున్నారో చెప్పడానికి. మనిద్దరికీ గొడవ 30, 12 దగ్గర కాదు, ఇక్కడ.

తణుకు_బాబు: అవును, ఇక్కడే. రాకపోతే రానివాడిదే బాధ్యత అంటాను నేను. మీరు క్లినిక్‌దే అంటారు.

గోదారి_లెక్కలు: అందరి విషయంలో అనను. అందుకే ఇంకొకటి అడుగుతాను. నరసాపురం గారూ, నిజంగా రాని ఆ 14 మందికి అపాయింట్‌మెంట్ ఏ రోజున రాశారు? వాళ్ళే అడిగారా, మీరు రాశారా?

నరసాపురం_ఓపీ: చూశాను. 14లో 10 మంది షుగర్ రివ్యూలు. డాక్టరు గారు చీటీ మీద 'నెల తర్వాత రివ్యూ' అని రాస్తే, మా అమ్మాయి నెల లెక్కపెట్టి సిస్టమ్‌లో తేదీ వేసేస్తుంది. 117లో అలాంటివి 38. మిగతా 79 మంది వాళ్ళే ఫోన్ చేసి వారంలోపు బుక్ చేసుకున్నవాళ్ళు, అందులో రానివాళ్ళు 4.

గోదారి_లెక్కలు: చూశారా. 38కి 10 అంటే 26 శాతం, 79కి 4 అంటే 5 శాతం. వారంలోపు వాళ్ళంతట వాళ్ళు అడిగినవాళ్ళు దాదాపు అందరూ వస్తున్నారు. నెల ముందు మీరు వేసిన తేదీకే జారిపోతున్నారు. ఎన్ని రోజుల ముందు బుక్ చేస్తే అంత ఎక్కువమంది రారన్నది ఓపీ నడిపినవాళ్ళందరికీ తెలిసిందే, ఇక్కడ దానికి తోడు చాలామందికి తమకి అపాయింట్‌మెంట్ ఉందనే తెలియదు. చీటీలో 'నెల తర్వాత' అని ఉంది, 14వ తారీఖు పదింపావు అని లేదు. బాబు గారు చెప్పిన అడ్వాన్స్ పడేది ఎవరి మీద? ఫోన్ చేసి బుక్ చేసుకునే 79 మంది మీద. వాళ్ళు ఎలాగూ వస్తున్నారు.

తణుకు_బాబు: అయితే రివ్యూ వాళ్ళ దగ్గరే ముందు కట్టించుకోండి. చీటీ ఇచ్చేటప్పుడే.

రాజోలు_అమ్మాయి: షుగర్ ఉన్న ముసలావిడ మందుల బిల్లు కట్టి బయటికి వస్తుంటే నెల తర్వాతకి ఇంకో 200 అడుగుతారా? రివ్యూకి రావడమే మానేస్తుంది. ఆవిడ మానేసింది మీ రిపోర్టులో ఎక్కడా కనపడదు, బుకింగే ఉండదు కాబట్టి.

పాలకొల్లు77: ఇది నిజం.

నరసాపురం_ఓపీ: ఈ మాట పెద్ద డాక్టరు గారికి చెప్తాను. ఇంకో సందేహం. వచ్చే వారం 12 కాస్తా 16 అయితే ఏమనుకోవాలి?

గోదారి_లెక్కలు: ఏమీ అనుకోకండి. 117 మందితో 12 శాతం అన్నప్పుడు, ఏ మార్పూ లేకుండానే వారానికి ఆరు శాతం అటూ ఇటూ ఊగుతుంది. నలుగురైదుగురు పెళ్ళికి పోతే చాలు. అందుకే రిపోర్టులో ఒక్క వారం అంకె కాకుండా ఎనిమిది వారాలు వరుసగా గీసి చూపించండి, పక్కన గమనిక గడి పెట్టండి. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక వేశారు, పంటు ఆగింది, సంక్రాంతి వారం, ఇలా. లేకపోతే వరద వారం చూసి అడ్వాన్స్ పెట్టేస్తారు, వరద తగ్గాక రేటు దిగితే అడ్వాన్స్ వల్లే దిగిందనుకుంటారు.

లంక_రైతు: మాకు రివ్యూ గుర్తుచేసే మెసేజీ మా అబ్బాయి ఫోన్‌కి పోతుంది. వాడు కువైట్‌లో ఉంటాడు. వాడు చూసి నాకు చెప్పేసరికి రోజు అయిపోతుంది.

గోదారి_లెక్కలు: ఇది ముఖ్యమైన సంగతి. నరసాపురం గారూ, ఆ 10 మంది నంబర్లలో ఎన్ని వాళ్ళ దగ్గర ఉండే ఫోన్లో చూడండి. చీటీ మీద తేదీ, టైము తెలుగులో రాసి చేతిలో పెట్టండి, రెండు రోజుల ముందు ఇంట్లో ఉండే మనిషికి ఫోన్ చేయండి. ఎనిమిది వారాలు రివ్యూల రేటు విడిగా చూడండి. అప్పటికీ 26 దగ్గరే ఉంటే నేనూ బాబు గారి మాట వింటాను.

తణుకు_బాబు: సరే, ఎనిమిది వారాలు. కొత్త పేషెంట్లకి అడ్వాన్స్ మాత్రం నా ఉద్దేశంలో పెట్టాల్సిందే, నేను మారను.

నరసాపురం_ఓపీ: ఆ 10 నంబర్లలో 6 పిల్లలవే, అందులో నాలుగు వేరే దేశాల నంబర్లు.

రాజోలు_అమ్మాయి: రోజుకి ఏడెనిమిది రివ్యూలకి ఫోన్లు ఎవరు చేస్తారండీ? టోకెన్లు ఇస్తూ, బిల్లు రాస్తూ ఆ ఒక్క అమ్మాయేనా? దానికి టైము ఎక్కడ పెడుతున్నారో ముందు చెప్పండి.